ఉస్తాద్‌పై అభియోగం: ఆ రాత్రి రాయవలసిన రెండు పేజీలు

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో కూఫా వాసులు కొందరు తమ గవర్నరుపై ఫిర్యాదు చేశారు. ఆ గవర్నరు మరెవరో కాదు, స్వర్గ శుభవార్త అందుకున్న పదిమంది సహచరులలో ఒకరైన హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి). ఫిర్యాదులలో ఒకటి వింటే నేటికీ ఆశ్చర్యం కలుగుతుంది. ఆయనకు నమాజు సరిగా చేయించడం రాదట! దైవప్రవక్త (స) వెనుక నిలబడి నమాజు నేర్చుకున్న మనిషిపై ఈ మాట వచ్చింది.

ఉమర్ (రజి) ఆయనను పిలిపించి నేరుగా అడిగారు. సాద్ (రజి) మనసు నొచ్చుకుందని ఉల్లేఖనాలలో కనిపిస్తుంది. అయినప్పటికీ ఆయన ఇచ్చిన జవాబులో ప్రధానమైన భాగం తాను చేసే పని వర్ణనే. ప్రవక్త (స) నమాజు ఎలా ఉండేదో అలాగే చేయిస్తానని, మొదటి రెండు రకాతులను దీర్ఘంగా, చివరి రెండింటిని క్లుప్తంగా చేయిస్తానని చెప్పారు. మీ గురించి మా అభిప్రాయం కూడా అదేనని ఉమర్ (రజి) అన్నారు. అంతటితో వ్యవహారం ముగించలేదు. సాద్‌ను పదవి నుండి తప్పించారు. కూఫాకు విచారణకర్తలను పంపారు. వారు మసీదు మసీదుకూ వెళ్ళి ప్రజలను అడిగారు. అందరూ మంచే చెప్పారు. బనూ అబ్స్ మసీదులో మాత్రం ఒక్కడు లేచి నిందలు పలికాడు. ఉమర్ (రజి) తమ అంతిమ ఘడియలలో ఖలీఫా ఎన్నిక కొరకు ఆరుగురి పేర్లు చెప్పినప్పుడు అందులో సాద్ పేరు ఉంది. ఆయనను తాను తప్పించింది అసమర్థత వల్ల గానీ ద్రోహం వల్ల గానీ కాదని కూడా అప్పుడే స్పష్టం చేశారు. బుఖారీ గ్రంథంలో ఈ వృత్తాంతం నమోదై ఉంది.

ఈ సంఘటనను మేము ఎన్నోమార్లు విద్యార్థులకు బోధించాము. బోధించే వారికి ఇందులో ఉన్న పాఠం మరింత పెద్దది. అభియోగం వచ్చినప్పుడు మన పేరుప్రతిష్ఠలు జవాబు కావు, మనం చేసిన పని వివరమే జవాబు. మనపై నమ్మకం ఉన్నవారు కూడా విచారణ జరపవచ్చు, జరపాలి కూడా. విచారణ కాలంలో పక్కకు తప్పుకోవడం నేరం ఒప్పుకోవడం కాదు. మక్తబ్‌లోనో, మదరసాలోనో, ఇంట్లో ట్యూషన్ చెప్పే చోటనో ఒక బిడ్డ "ఉస్తాద్ నన్ను కొట్టారు" అని చెప్పి, అది నిజం కానప్పుడు ఏం చేయాలన్నది ఈ నెల మా అంశం. మాకు దగ్గరగా తెలిసిన ఒక మక్తబ్‌లో జరిగిన సంగతిని ఆధారం చేసుకుని చెబుతాము. ఊరి పేరు, మనుషుల పేర్లు అవసరం లేదు.

ఆ సోమవారం రాత్రి

మసీదుకు అనుబంధంగా అస్ర్ నుండి మగ్రిబ్ వరకు నడిచే మక్తబ్ అది. 23 మంది పిల్లలు. ఒకరే ఉస్తాద్. వారిలో పదేళ్ళ బాలుడు ఒకడు ఖాయిదా పూర్తిచేసి నాజిరాలో నాలుగవ సిపారాకు వచ్చాడు. సోమవారం రాత్రి స్నానం చేయిస్తుండగా తల్లి అతని ఎడమ మోచేతి వద్ద గాయం చూసింది. తండ్రిని పిలిచింది. బాలుడు "నిన్న ఉస్తాద్ బెత్తంతో కొట్టారు" అన్నాడు. ఇషా నమాజు ముగిసి జనం బయటికి వస్తున్న వేళకు తండ్రి, ఇద్దరు చిన్నాన్నలు బాలుణ్ణి వెంటబెట్టుకుని మసీదు వాకిట నిలబడి ఉన్నారు.

ఉస్తాద్ చుట్టూ జనం మూగారు. ఆయన రెండే మాటలు చెప్పారు. "నేను బిడ్డను కొట్టలేదు. గాయం మాత్రం నిజంగా ఉంది, ముందు డాక్టరుకు చూపించండి." "నిన్న తరగతిలో ఏం జరిగింది?" అని ఒకరు గద్దించారు. "పట్టిక చూడకుండా నిన్నటి సంగతి చెప్పలేను" అన్నారు ఉస్తాద్. బాలుడి వైపు తిరిగి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "నా కళ్ళలోకి చూసి చెప్పు" అనలేదు.

ఈ చివరి విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా కీలకమైనది. పదేళ్ళ బిడ్డను నలుగురి మధ్య నిలబెట్టి పెద్దవాడు నిలదీస్తే రెండే ఫలితాలు ఉంటాయి. భయపడి మాట మార్చుకుంటాడు, లేదా భయపడి అదే మాటను మరింత గట్టిగా పట్టుకుంటాడు. మొదటిది జరిగితే ఉస్తాద్ బెదిరించి మాట మార్పించారని లోకం అంటుంది. రెండవది జరిగితే అబద్ధం ముదిరిపోతుంది, తర్వాత దిగిరావడానికి బిడ్డకు దారి మిగలదు. రెండింటిలోనూ సత్యం మరుగున పడుతుంది.

కమిటీ సదర్ సాబ్ అక్కడే ఉన్నారు. విచారణ ముగిసే వరకు తరగతిని మసీదు ఇమాముగారు చూసుకుంటారని, ఉస్తాద్ తరగతికి రానవసరం లేదని చెప్పారు. ఉస్తాద్ అంగీకరించారు. ఆ తర్వాత ఆయన చేసిన పని గమనించదగినది. హాజరు పట్టిక ఉన్న బీరువా తాళంచెవిని అక్కడే సదర్ సాబ్ చేతిలో పెట్టి, "పట్టికను మీరే తీయండి, మీ వద్దే ఉంచండి, నేను ముట్టుకోను" అన్నారు. సదర్ సాబ్ ఇద్దరి ఎదుట పట్టిక తీసి, ఆ వారం పేజీని ఫోటో తీసి, అసలును తన వద్ద ఉంచుకున్నారు. పట్టికలో ఆదివారం ఆ బాలుడి పేరు ఎదుట గైర్హాజరు గుర్తు ఉంది.

వ్యవహారం అక్కడితో తేలిపోలేదు. "అది ఇప్పుడు రాసుకున్నదే" అన్నాడు చిన్నాన్న. ఆ అనుమానం కూడా సహజమే.

చెవి, కన్ను, హృదయం

ఇంటికి వెళ్ళిన ఉస్తాద్ ఆ రాత్రే కాగితం, కలం తీసుకుని కూర్చున్నారు. ఇది వాయిదా వేయదగిన పని కాదు. మరునాటికి పదిమందితో మాట్లాడతాం. వారి మాటలు మన జ్ఞాపకంలో కలిసిపోతాయి. మూడవ రోజుకు మనం చూసినదేదో, ఎవరో చెప్పగా విన్నదేదో మనకే తెలియదు. అప్పు విషయంలో చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసిపెట్టుకోవడానికి విసుగు చెందవద్దని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయతులో ఆదేశించింది. రాత వల్ల సాక్ష్యం నిలబడుతుందని, సందేహాలు తగ్గుతాయని కారణం కూడా చెప్పింది. రూపాయల విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, ఒక బిడ్డ శరీరం, ఒక మనిషి మర్యాద చిక్కుకున్న విషయంలో ఎంత అవసరమో ఆలోచించవచ్చు.

ఎలా రాయాలన్నదానికి బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతు చక్కని కొలమానం ఇస్తుంది. తెలియని దాని వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం ఈ మూడింటినీ ప్రశ్నించడం జరుగుతుందని అందులోని భావం. రాసే ప్రతి వాక్యాన్నీ ఈ మూడింటిలో ఒకదాని కింద పెట్టి చూడండి. ఇది నేను చూసినదా? ఎవరో చెప్పగా విన్నదా? నా హృదయం ఊహించినదా? మొదటిదాన్ని రాయాలి. రెండవదాన్ని ఎవరు, ఎప్పుడు చెప్పారో పేర్కొంటూ రాయాలి. మూడవదాన్ని రాయకూడదు.

కోపంలో ఉన్న మనిషి ఎలా రాస్తాడో ముందు చూడండి. "ఈ బాలుడు మొదటి నుండి అబద్ధాలకోరు. వాళ్ళ నాన్నకు నాపై ఎప్పటి నుండో కక్ష. కమిటీలో ఉన్న ఫలానా వ్యక్తి ప్రోద్బలంతోనే ఇదంతా జరుగుతోంది. ఇరవై ఏళ్ళుగా నేను ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు." ఇందులో ఒక్క వాక్యమైనా ఆదివారం ఏం జరిగిందో చెప్పడం లేదు. అన్నీ హృదయం ఊహించినవే. పైగా చివరి వాక్యం అబద్ధమని నిరూపించడానికి ఒక్క పూర్వవిద్యార్థి చాలు. అది కూలితే మిగతా రాతంతా కూలుతుంది.

ఆ ఉస్తాద్ రాసిన రెండు పేజీలను తర్వాత మేము చూశాము. వాటి సారం ఇది:

"శనివారం. అస్ర్ తర్వాత తరగతి. అందరూ హాజరు. ఈ బాలుడు సబఖ్ చెప్పలేకపోయాడు. నేను గొంతు పెంచి, మళ్ళీ ఇలాగే వస్తే మీ అబ్బాకు చెబుతాను అన్నాను. మొదటి వరుసలో కూర్చోబెట్టి అదే సబఖ్ మళ్ళీ చదివించాను. అతణ్ణి తాకలేదు. బోర్డు మీద అక్షరాలు చూపడానికి మూరెడు వెదురు పుల్ల ఒకటి తరగతిలో ఉంది. ఆ రోజు దాన్ని బోర్డు వద్ద వాడాను.

ఆదివారం. బాలుడు వచ్చాడో లేదో నాకు స్వయంగా జ్ఞాపకం లేదు. పట్టికలో గైర్హాజరు అని ఉంది. పట్టికను నేను రోజూ తరగతి మొదలైన పది నిమిషాలకు రాస్తాను.

సోమవారం. వచ్చాడు. పొడవు చేతుల చొక్కా వేసుకున్నాడు. గాయం నాకు కనిపించలేదు. శనివారం నాటి సబఖే అప్పగించాడు. రాత్రి ఇషా తర్వాత, సుమారు 9 గంటలకు, తండ్రి వచ్చి తన కుమారుణ్ణి నిన్న బెత్తంతో కొట్టానని అన్నారు. కొట్టలేదని, డాక్టరుకు చూపించమని చెప్పాను. తాళంచెవి సదర్ సాబ్‌కు ఇచ్చాను. అప్పుడు అక్కడ ఇమాముగారు, ముఅజ్జిన్‌గారు ఉన్నారు. ఇది రాసిన సమయం సోమవారం రాత్రి 10:30."

కింద సంతకం, తేదీ. ఫోటో తీసి ఆ రాత్రే సదర్ సాబ్‌కు పంపారు. పంపిన సమయం ఫోనులో నమోదైంది. కాబట్టి తర్వాత కల్పించారనే మాటకు తావు లేకపోయింది. ఆ తర్వాత ఒక్క అక్షరం దిద్దలేదు. మరునాడు గుర్తుకు వచ్చిన ఒక విషయాన్ని వేరే కాగితంపై ఆ రోజు తేదీతో రాసి జతచేశారు. గుర్తుకు వచ్చినదాన్ని పాత కాగితంలో ఇరికిస్తే మొత్తం రాతపైనే అనుమానం వస్తుంది.

ఈ రాతలో మేము మెచ్చుకున్నది ఆయన తనకు ప్రతికూలమైన మూడు సంగతులను దాచకపోవడం. గొంతు పెంచినట్లు, బెదిరింపు మాట ఒకటి అన్నట్లు, తరగతిలో పుల్ల ఉన్నట్లు తానే రాశారు. ఆ మూడింటినీ 23 మంది పిల్లలు ఎలాగూ చెబుతారు. పిల్లలు చెప్పాక ఒప్పుకుంటే దాచాడంటారు. ముందే రాస్తే "తాకలేదు" అన్న మాటకు కూడా విలువ వస్తుంది. "జ్ఞాపకం లేదు" అని రాయడమూ అటువంటిదే. పట్టికలో గైర్హాజరు చూశాక "అవును, ఆ రోజు అతను రాలేదు, నాకు బాగా గుర్తు" అని రాయడం చాలా సులభం. అది కన్ను చూసినది కాదు కాబట్టి ఆయన రాయలేదు.

చొక్కా ఎటువైపు చిరిగింది?

హజ్రత్ యూసుఫ్ (అలై)పై అపనింద వచ్చినప్పుడు నిందించిన ఆమె బంధువులలోనే ఒకరు ఒక పరీక్ష సూచించారు. చొక్కా ముందు నుండి చిరిగి ఉంటే ఆమె మాట నిజం, వెనుక నుండి చిరిగి ఉంటే యూసుఫ్ మాట నిజం. ఎవరి హోదా ఏమిటని గాక, వస్తువు ఏమి చెబుతుందని చూడమన్నారు. ఈ వ్యవహారంలో కమిటీ కూడా అలాంటి ఆధారాలనే వెదికింది.

మొదటిది పట్టిక. అది ఆ రాత్రి రాసుకున్నదేమో అన్న సందేహాన్ని తీర్చింది ముఅజ్జిన్‌గారి లెక్కల పుస్తకం. తరగతి ముగిశాక పిల్లలకు తలా ఒక బిస్కెట్ పొట్లం ఇవ్వడం ఆ మక్తబ్ ఆనవాయితీ. ఏ రోజు ఎన్ని పొట్లాలు ఖర్చయ్యాయో ముఅజ్జిన్‌గారు రాస్తారు. శనివారం 23, ఆదివారం 22, సోమవారం 23. హాజరు పట్టికలో ఆదివారం గైర్హాజరైనది ఈ ఒక్క బాలుడే. రెండు పుస్తకాలు, రెండు చేతిరాతలు, రెండు వేర్వేరు అవసరాలు. లెక్క మాత్రం ఒక్కటే. ఒకే చేతితో రాసిన పది కాగితాల కన్నా వేర్వేరు చేతులతో రాసిన రెండు కాగితాలు బలమైనవి.

రెండవది వైద్యుని చీటీ. మంగళవారం ఉదయం తండ్రి బాలుణ్ణి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. బెత్తపు దెబ్బ సాధారణంగా రెండు సమాంతరమైన ఎర్రని గీతలుగా కమిలి, నడుమ చర్మం పాలిపోయినట్లు కనిపిస్తుంది. బాలుడి మోచేతిపై ఉన్నది అది కాదు. చర్మం గీరుకుపోయి, పక్కుకట్టి, అందులో సన్నని ఇసుక రేణువులు ఉన్నాయి. గరుకు నేలపై రాసుకున్నట్లున్న గాయం అని డాక్టరు రాశారు. గాయం రంగును బట్టి అది ఏ రోజుదో కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు, డాక్టరు కూడా చెప్పలేదు.

ఇక్కడ ఒక హద్దు గుర్తించాలి. పట్టిక వల్ల తేలింది ఆదివారం బాలుడు తరగతిలో లేడని మాత్రమే. చీటీ వల్ల తేలింది అది బెత్తపు గాయంలా లేదని మాత్రమే. ఆధారం ఎంత చెబుతుందో అంతే తీసుకోవాలి. ఉస్తాద్ అభిమానులు అప్పుడే "బిడ్డది పచ్చి అబద్ధం, తండ్రి క్షమాపణ చెప్పాలి" అని మొహల్లా వాట్సప్ గ్రూపులో రాయడం మొదలుపెట్టారు. ఉస్తాద్ వారికి కబురు పంపి ఆపించారు. గ్రూపులో తాను ఒక్క వాక్యమూ రాయలేదు. తన నిర్దోషిత్వం కోసమైనా ఒక బిడ్డ పేరు వీధిలో పడటం ఆయనకు ఇష్టం లేదు.

తరగతి పిల్లలతో "మా ఉస్తాద్ మంచివారు" అని సంతకాలు పెట్టిస్తామని మరికొందరు ముందుకు వచ్చారు. దానికీ ఆయన ఒప్పుకోలేదు. అటువంటి కాగితం దేనికీ సాక్ష్యం కాదు. అది పిల్లలను ఒక సహపాఠికి ఎదురు నిలబెడుతుంది. నిజంగా దెబ్బ తిన్న మరో బిడ్డ ఉంటే, వాడి నోరు కూడా ఆ సంతకంతో మూతపడుతుంది.

ఇంకో పెద్దమనిషి బాలుడి చేత ఖుర్ఆన్ పట్టించి ప్రమాణం చేయిద్దామన్నారు. ఇమాముగారు వారించారు. వాదించేవాడు ఆధారం చూపాలి, ఆధారం లేనిచోట కాదనేవాడు ప్రమాణం చేయాలి అన్నది మన ధర్మశాస్త్ర సూత్రం. అది కూడా న్యాయస్థానంలో, వివేకం వచ్చిన పెద్దలకు వర్తించేది. యుక్తవయసు రాని బిడ్డపై కలం ఎత్తివేయబడిందని, అంటే పాపం నమోదు కాదని హదీసు చెబుతుంది. అల్లాహ్ లెక్క రాయని బిడ్డ మెడపై మనం ప్రమాణ భారం మోపడం ఏమి ధర్మం?

అబద్ధం ఎక్కడ పుట్టింది?

గురువారం నాడు బాలుడు తన దాదీ పక్కన పడుకుని తనంతట తానే చెప్పాడు. శనివారం ఉస్తాద్ "మీ అబ్బాకు చెబుతాను" అన్నారు. ఆదివారం సబఖ్ రాలేదు. మక్తబ్‌కని బయలుదేరి, భయపడి, పక్కింటి పిల్లవాడి సైకిల్ తీసుకుని చెరువు కట్ట మీదికి వెళ్ళాడు. కంకర రోడ్డు మీద పడ్డాడు. మగ్రిబ్ తర్వాత మిగతా పిల్లలతో కలిసి ఇల్లు చేరాడు. సైకిల్ ముట్టవద్దని తండ్రి అంతకుముందే గట్టిగా హెచ్చరించి ఉన్నాడు.

మరి ఉస్తాద్ పేరు ఎలా వచ్చింది? దాదీ అడిగితే బాలుడు చెప్పిన జవాబు మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది. "అబ్బాయే అడిగారు, ఎవరు కొట్టారు, ఉస్తాదేనా అని. నేను ఊ అన్నాను." బెత్తం ఎలా వచ్చిందంటే, "బెత్తంతోనా" అని తండ్రి అడిగాడు. ఎప్పుడంటే, "నిన్ననా" అని అడిగాడు. ఆ అభియోగంలోని ప్రతి ముక్క పెద్దవారి ప్రశ్నలో నుండి వచ్చింది. బిడ్డ చేసింది తల ఊపడం. తండ్రిని మేము తప్పుపట్టడం లేదు. గాయం చూసిన తండ్రి గుండె అలాగే అడుగుతుంది. కానీ ఒకసారి ఊ అన్నాక, రాత్రివేళ ముగ్గురు పెద్దలు మసీదుకు బయలుదేరాక, "కాదు, సైకిల్ మీద పడ్డాను" అని చెప్పే ధైర్యం పదేళ్ళ బిడ్డకు ఎక్కడి నుండి వస్తుంది?

ఇబ్ను ఖల్దూన్ తన ముఖద్దిమాలో బోధన గురించి రాస్తూ, విద్యార్థులపై కాఠిన్యం వారిని అబద్ధానికి, కపటానికి అలవాటు చేస్తుందని, శిక్ష భయంతో మనసులో ఉన్నదానికి భిన్నంగా పైకి చూపడం నేర్చుకుంటారని హెచ్చరించాడు. 14వ శతాబ్దపు ఆ మాట ఈ వ్యవహారానికి ఎంతగా సరిపోయిందో చూడండి. ఇక్కడ కొట్టినవారు ఎవరూ లేరు. అయినా భయం ఉంది. ఆ భయమే బిడ్డను తరగతి నుండి తరిమింది, సైకిల్ ఎక్కించింది, చివరికి తల ఊపించింది.

అందువల్ల తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒక్కటే. గాయం కనిపిస్తే "ఇది ఎలా అయింది?" అని అడిగి ఆగండి. పేరు మీరు అందించవద్దు. "తర్వాత ఏమైంది?" అనండి. బిడ్డ చెప్పిన మాటలను బిడ్డ వాడిన మాటల్లోనే, తేదీతో, మీరు అడిగిన ప్రశ్నతో సహా ఒక కాగితంపై రాసుకోండి. ఇంట్లో ప్రతి ఒక్కరూ విడివిడిగా మళ్ళీ మళ్ళీ అడగవద్దు. ఈ పద్ధతి ఉస్తాద్‌ను కాపాడటానికి మాత్రమే కాదు. బిడ్డ చెప్పేది నిజమైతే ఆ నిజాన్ని ఎవరూ కొట్టివేయలేని విధంగా నిలబెట్టేది కూడా ఇదే.

శుక్రవారం తర్వాత

కమిటీ శుక్రవారం నాడు రెండు పక్షాలనూ విడిగా పిలిచి, ఆధారాలు చూపి, తన నిర్ణయాన్ని రాతలో పెట్టింది. వదంతి నడిచిన ఆ వాట్సప్ గ్రూపులోనే, విచారణలో ఉస్తాద్‌పై వచ్చిన అభియోగం నిజం కాదని తేలిందని, ఆయన శనివారం నుండి తరగతికి వస్తారని, ఈ విషయమై ఎవరూ ఏ కుటుంబాన్నీ ప్రస్తావించవద్దని సదర్ సాబ్ మూడు వాక్యాలు రాశారు. నింద ఎంత దూరం వెళ్ళిందో ఆ వివరణ కూడా అంత దూరం వెళ్ళాలి. ఉస్తాద్ చెవిలో "మీరు నిర్దోషులే, వదిలేయండి" అని చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. చెరసాల తలుపులు తెరిచినా, ముందు విచారణ జరిపి నిజం వెల్లడించమని యూసుఫ్ (అలై) కోరడంలోని అంతరార్థం ఇదే.

తండ్రి బాలుణ్ణి తీసుకువచ్చి తరగతి ముందు క్షమాపణ చెప్పిస్తానన్నాడు. ఉస్తాద్ వద్దన్నారు. శనివారం బాలుడు వచ్చినప్పుడు ఆయన అడిగింది, "బేటా, సబఖ్ ఎక్కడ ఆపాం?" అని మాత్రమే. ఆ రెండు పేజీలు మాత్రం చింపివేయలేదు. పట్టిక నకలు, డాక్టరు చీటీ నకలు, కమిటీ నిర్ణయంతో కలిపి ఒక కవరులో కమిటీ వద్ద భద్రపరిచారు. క్షమించడం హృదయానికి సంబంధించినది, కాగితాలు భద్రపరచడం బాధ్యతకు సంబంధించినది. ఒకదాని కోసం మరొకదాన్ని వదలనక్కరలేదు.

మక్తబ్‌లో మూడు మార్పులు జరిగాయి. వెదురు పుల్ల తీసేసి బోర్డుకు పెద్ద అక్షరాల పటం తగిలించారు. తరగతి తలుపు తెరిచే ఉంచుతున్నారు. బిడ్డ రాకపోతే తరగతి మొదలైన పావుగంటలో ఇంటికి ఫోను వెళుతుంది. ఆ ఆదివారం అలా ఫోను వెళ్ళి ఉంటే ఈ కథే లేదు. దైవప్రవక్త (స) రమజానులో ఏతికాఫ్‌లో ఉండగా ఒక రాత్రి తమను కలవడానికి వచ్చిన సతీమణి సఫియ్యా (రజి)ను సాగనంపుతున్నప్పుడు, అటుగా వెళ్ళిన ఇద్దరు అన్సారులను ఆపి ఈమె సఫియ్యా అని చెప్పారు. అనుమానానికి అతీతులైన వారే అనుమానం పుట్టే సందును ముందుగా మూసివేశారు. మనకెంత అవసరమో చెప్పనక్కరలేదు.

రెండు హెచ్చరికలు

మొదటిది. పైన చెప్పినది కొట్టారన్న అభియోగం గురించి, అదీ ఇరుపక్షాలూ విచారణకు ఒప్పుకున్నప్పుడు. తండ్రి పోలీసుల వద్దకు వెళ్ళదలచుకుంటే ఆపే అధికారం ఏ కమిటీకీ లేదు. విద్యాహక్కు చట్టం మదరసాలకు వర్తించదని 2012 సవరణ చెబుతున్నది కాబట్టి కొట్టినా ఫరవాలేదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. తన సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టి హింసించిన ఎవరికైనా బాలల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. ఇక బిడ్డ చెప్పినది లైంగికమైన అభియోగమైతే కమిటీ పంచాయితీకి తావే లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు తెలపడం తప్పనిసరి. పిల్లల సహాయం కొరకు 1098కు ఫోను చేయవచ్చు. అటువంటి సందర్భంలో ఉస్తాద్ ఆ రాత్రే తన రాత రాసుకుని, ఒక వకీలుకు చూపాలి. బిడ్డనూ, బిడ్డ కుటుంబాన్నీ స్వయంగా గానీ మధ్యవర్తుల ద్వారా గానీ కలవకూడదు. అభియోగం అబద్ధమని తేలినా ఆ చట్టం బిడ్డను శిక్షించదని 22వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది.

రెండవది. ఈ వ్యాసాన్ని ఆయుధంగా వాడవద్దు. ఒక బాలుడి మాట నిజం కాలేదు కాబట్టి రేపు మరో బిడ్డ వచ్చి చెబితే "అప్పట్లో ఇలాగే చెప్పారు" అని కొట్టిపారేయడం ఘోరమైన అన్యాయం. వార్త వచ్చినప్పుడు నిర్ధారణ చేసుకోమని హుజురాత్ సూరా ఆదేశించింది. వార్తను తోసిపుచ్చమని చెప్పలేదు. నిజంగా కొట్టిన ఉస్తాద్ ఈ పద్ధతిలో రాయడానికి కూర్చుంటే, "తాకలేదు" అన్న చోట అతని కలం ఆగిపోవాలి. ఆగకపోతే ఆ కాగితం ఇక్కడ కమిటీని మోసగించవచ్చు గానీ, ప్రళయదినాన తెరిచే కర్మల పత్రాన్ని మోసగించలేదు.

అల్లాహ్ మన పిల్లలను భయం నుండి, మన ఉపాధ్యాయులను అపనింద నుండి, మన కలాలను తెలియని మాట రాయడం నుండి కాపాడుగాక! ఆమీన్.